నాన్న పోయి ఇవాళ్టికి మూడేళ్ళు (అమ్మ దిద్దిన పోస్టు)

డేటు ప్రకారం ఇవాళ, నవంబర్ 13. తిథి ప్రకారం అయితే మొన్న ఆదివారమే అయిపోయింది, కార్తీక బహుళ పంచమి. 2022లో ఆ రెండూ ఒకే రోజు పడ్డాయి, అప్పట్నుంచి ప్రతి సంవత్సరం మా ఇంట్లో ఇదే గొడవ, అమ్మకి తిథే లెక్క, నాకూ తమ్ముడికీ ఏమో ఫోన్లో ఆ డేటు కనిపించగానే కడుపులో దేవినట్టు అవుతుంది. "రెండుసార్లు ఏడవటం ఎందుకే, ఒకసారి చాలదా" అంది అమ్మ ఈసారి. అయినా పోస్టు రాస్తానంటే వద్దనలేదు, కాకపోతే ఒక్క కండిషన్, పెట్టే ముందు తనకి మొత్తం చదివి వినిపించాలి అంది. నిన్న రాత్రి వినిపించా. రెండు పేరాలు తీసేయించింది. నాన్న 1984లో కండక్టర్ గా చేరాడని రాస్తే "ఎనభై నాలుగు కాదు ఎనభై ఐదు, అప్పటికి నువ్వు నా కడుపులో ఉన్నావు" అని దిద్దింది. ఇప్పుడు మీరు చదువుతున్నది అమ్మ పాస్ చేసిన కాపీ అన్నమాట.

ఫోటో గురించి కూడా చెప్పాలి. నేను ముందు అనుకున్నది 2018లో రిటైర్మెంట్ రోజు డిపోలో తీసిన ఫోటో, అందులో బాగా నవ్వుతాడు, పక్కన డ్రైవర్ అంకుల్స్ అందరూ ఉంటారు. అమ్మ చూసి వద్దంది. ఎందుకంటే మెడలో మూడు దండలున్నాయి కదా. "బతికుండగా వేసిన దండలే అమ్మా అవి" అన్నా. "నాకు తెలుసు, చూసేవాళ్ళకి తెలీదుగా" అంది. ఇంక మాట్లాడలేదు నేను. అందుకే ఈ ఫోటో, రేపల్లె బస్టాండ్ లో బస్సు మెట్టు మీద నించుని టీ తాగుతున్నది, టికెట్లు కొట్టే టిమ్ము మిషను మెళ్ళో వేలాడుతూ, కళ్ళజోడు ఒక పక్కకి ఒరిగిపోయి. ఎవరు తీశారో మాకు తెలీదు, నాన్న ఫోన్లో దొరికింది.

తెలియని వాళ్ళకి, మా నాన్న 33 ఏళ్ళు ఆర్టీసీలో కండక్టర్ గా చేశాడు, అందులో ఎక్కువ భాగం తెనాలి రేపల్లె మధ్య తిరిగే ఆర్డినరీ బస్సుల్లోనే. టిమ్ములు రాకముందు రోజులు నాకు బాగా గుర్తు, టికెట్ ట్రే, పంచ్, ఆ పంచ్ తో బస్సు రాడ్డు మీద టకటకా కొట్టి "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే" అనేవాడు. లోపల ఖాళీ ఎప్పుడూ లేదు. నా పెళ్ళిలో కూడా భోజనాల దగ్గర జనం గుమ్మంలో ఆగిపోతే అలవాటు చొప్పున ఇదే మాట అన్నాడు, మా అత్తగారి వైపు వాళ్ళు నిజంగానే లోపలికి జరిగారు 😄 ఇది మాత్రం ఉంచమంది అమ్మ.

ఇంటికొచ్చాక మొదట చేతులు కడుక్కునేవాడు. రోజంతా నాణేలు తిప్పీ తిప్పీ వేళ్ళ చివర్లు నల్లగా అయిపోయేవి, రెండుసార్లు సబ్బు రుద్దినా ఆ ఇనప వాసన పోయేది కాదు. ఆ చేత్తోనే నాకు జడ వేసేవాడు అమ్మకి ఒంట్లో బాలేని రోజుల్లో. వంకరగా వేసేవాడు. స్కూల్లో నవ్వేవాళ్ళు. అప్పట్లో కోపం వచ్చేది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ చిన్న నోటు పుస్తకం గురించి. బస్సులో చిల్లర లేకపోతే టికెట్ వెనకాల బాకీ రాసిస్తారు కదా, దిగేటప్పుడు తీసుకోమని. సగం మంది మర్చిపోయి దిగిపోతారు. మిగతావాళ్ళు ఏం చేసేవాళ్ళో నాకు తెలీదు గానీ నాన్న మాత్రం అలా మర్చిపోయిన వాళ్ళందర్నీ ఒక పాకెట్ నోట్ బుక్ లో రాసుకునేవాడు. పేర్లు తెలీవు కాబట్టి గుర్తులు రాసేవాడు. "వేమూరు, తెల్ల తువ్వాలు తాత, 4 రూ." "భట్టిప్రోలు, రెండు జడల పిల్ల, ఏడో క్లాసు ఉండొచ్చు, 1.50." "రేపల్లె, ఎండు రొయ్యల బుట్ట ఆవిడ, 2 రూ., కోపిష్టి." ఆ కోపిష్టి అన్న మాట ఎందుకు రాశాడో గానీ చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. బ్యాగులో టికెట్ల లెక్క కన్నా ఎక్కువ డబ్బులుంటే చెకింగ్ వాళ్ళు ఊరుకోరు, అందుకని మిగిలిన చిల్లర డిపోలో కట్టేసేవాడు, మళ్ళీ ఆ మనిషి ఎప్పుడైనా బస్సెక్కితే తన జేబులోంచి తీసి ఇచ్చేవాడు, ఇచ్చాక ఆ లైను మీద అడ్డంగా గీత కొట్టేవాడు. "డిపోకీ కట్టి జనానికీ ఇచ్చి, ఇదెక్కడి లెక్కయ్యా" అని అమ్మ తిట్టేది. దానికి నాన్న దగ్గర సమాధానం ఉండేది కాదు, లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవాడు.

2018 పుస్తకంలో గీత కొట్టనివి పదకొండు మిగిలిపోయాయి. తమ్ముడు ఆ పేజీ ఫోటో తీసి పోస్టులో పెడదామన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. పుస్తకం తన బీరువాలో చీరల కింద పెట్టుకుంది.

అలాగని నాన్న దేవుడేం కాదు (ఈ లైను తీసేస్తుందేమో అనుకున్నా, "నిజమేగా" అంది). బస్సులో అంత ఓపిక ఉన్న మనిషికి ఇంటికొచ్చేసరికి ఓపిక అయిపోయేది. పెన్సిల్ కి రెండు రూపాయలు ఇస్తే మిగిలిన పావలాకి లెక్క అడిగేవాడు. మా స్కూల్ కి ఒక్కసారి కూడా రాలేదు. తమ్ముడికీ నాన్నకీ ఒక రెండేళ్ళు సరిగ్గా మాటల్లేవు, ఎందుకు ఏమిటి అనేది వాళ్ళిద్దరి మధ్య విషయం, వాళ్ళిద్దరూ సర్దుకున్నారు, అంతవరకే నేను చెప్పేది.

తమ్ముడి గురించి ఇంకొక్క మాట, ఇది వాడిని అడిగే రాస్తున్నా. వాడు అమెరికా నుంచి చివరి చూపుకి అందలేకపోయాడు. వాడి తప్పేం లేదు, ఉన్న ఫ్లైట్లలో ముందుది పట్టుకునే వచ్చాడు. మూడేళ్ళయినా ఇంకా ఏ పెళ్ళిలో కనిపించినా ఎవరో ఒకరు "పాపం చివరికి నీకు చూపు దక్కలేదు కదా బాబూ" అంటారు, ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ వాడు ఆ రోజంతా అన్నం తినడు. దయచేసి అనకండి. వాడికి చెప్పాలనిపిస్తే నాన్న బస్సులో జరిగిందేదైనా చెప్పండి, బస్సుతో పాటు రాత్రి బయటి ఊళ్ళో ఆగే నైట్ అవుట్ లో నాన్న వండిన కూర ఎలా ఉండేదో చెప్పండి, అవి వాడికి కావాలి.

అమ్మ తీసేయించిన రెండు పేరాల్లో ఒకటి ఆ చివరి పది రోజుల గురించి. ఆసుపత్రి, బిల్లులు, మాకు ఏం చెప్పారు, ఏం చెప్పలేదు, నేను చాలా కోపంగా రాశా. అమ్మ మొత్తం విని, "ఆ పది రోజులు ఆయన్ని ఎవరూ గుర్తుపెట్టుకోవద్దు నాకు" అంది. తీసేశా. కాబట్టి ఏం జబ్బు, ఏ ఆసుపత్రి, ముందే చూపించి ఉండాల్సింది కదా లాంటివి అమ్మని అడక్కండి, ఫోన్లో కూడా. నన్ను అడిగినా పర్లేదు. రెండో పేరా ఏంటో చెప్పను, అది వాళ్ళ మొగుడూ పెళ్ళాల సంగతి.

మొన్న ఆదివారం సంవత్సరీకం బాగానే జరిగింది. గారెలు, పరమాన్నం, గుమ్మడికాయ పులుసు, కొత్త పంచె పెట్టాం. నాన్నమ్మ మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. ఎనభై ఆరేళ్ళు ఆవిడకి. "నాకు వాడు పెట్టాలి గానీ వాడికి పెడుతుంటే నేను చూడాలా" అంటుంది, ప్రతి సంవత్సరం అదే మాట. మొదటి ఏడు బలవంతంగా తీసుకొచ్చి కూర్చోబెట్టారు పెద్దవాళ్ళు, అది మేం చేసిన తప్పు. ఇప్పుడు ఎవరం పిలవం. మా పాప వెళ్ళి పక్కన మంచం మీద కూర్చుంటుంది, ఇద్దరూ టీవీ చూస్తారు, సౌండ్ తగ్గించి. ఎవరైనా ఇంటికొస్తే నాన్నమ్మ దగ్గర ఈ పోస్టు సంగతి ఎత్తకండి.

ఇంక కాకి. డాబా మీద ముద్ద పెట్టి నలభై నిమిషాలు ఎండలో నించున్నాం, ఒక్క కాకీ లేదు. బాబాయి టెన్షన్ పడిపోతున్నాడు, ఏం లోటు చేశామో, ఏం మర్చిపోయామో అని. మా పాప కావ్ కావ్ అని అరుస్తోంది. అమ్మ మెట్ల మీద కూర్చుని నింపాదిగా "నైట్ అవుట్ వెళ్ళుంటాడు, క్యాష్ కట్టి రావాలిగా" అంది. అందరం నవ్వాం. మూడేళ్ళలో అమ్మ నాన్న మీద జోకేయడం అదే మొదటిసారి, నవ్వుతూనే బాబాయి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత రెండు కాకులొచ్చాయి.

ఇంకో సంగతి, ఇది రాయమని అమ్మే చెప్పింది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయింది కదా, అయిన వారానికి అమ్మ రేపల్లె వెళ్ళింది, పెద్దగా పనేం లేదు, ఊరికే. నాన్న పోయాక ఆ రూట్ లో బస్సెక్కడం అదే మొదలు. కండక్టర్ పిల్ల ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టి ఇచ్చిందట. బస్సు కిటకిటలాడుతోందట, నించునే వెళ్ళిందట వేమూరు దాకా. ఎలా అనిపించిందమ్మా అంటే, "ఏముందే, ఆడవాళ్ళతో చిల్లర గొడవే లేదు ఇప్పుడు, మీ నాన్న పుస్తకానికి సగం పని తగ్గేది" అంది. ఆ టికెట్ కూడా ఆ పుస్తకంలోనే పెట్టుకుంది.

డిపోలో నాన్నతో పనిచేసిన అంకుల్స్ కి, ముఖ్యంగా "బావా" అని పిలిచే డ్రైవర్ అంకుల్ కి, మీరు మొన్న వచ్చి ఏం మాట్లాడకుండా అమ్మ దగ్గర గంటసేపు కూర్చుని వెళ్ళారు చూడండి, అమ్మకి అది చాలా ధైర్యంగా అనిపించిందట. మీకు చెప్పమంది.

చివరిగా ఒక ఇన్విటేషన్. కార్తీకంలో పోయాడు కాబట్టి నాన్నకి ప్రాణమైన చేపల పులుసు తిథి రోజు పెట్టే అవకాశం మాకు ఏ సంవత్సరమూ లేదు, ఇది ఆయన కూడా ఒప్పుకునే పాయింట్ కాదు. అందుకని పోలి పాడ్యమి అయిపోయాక వచ్చే ఆదివారం, అంటే ఈ నెల 23న, అమ్మ కొరమీను పులుసు పెడుతోంది, మట్టి దాకలో, మామిడికాయ దొరకదు కాబట్టి చింతపండుతోనే. తెనాలి చుట్టుపక్కల ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి వచ్చేయండి, ఎంతమంది వస్తారో ముందు రోజు నాకు ఒక మెసేజ్ పెడితే చేపలు ఆ లెక్కన తెప్పిస్తాం.