మూడు వందల నలభై యెన్‌ల టికెట్టు

షిన్ ఒసాకా స్టేషన్‌లో బుల్లెట్ రైలు దిగి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ మెట్రో ద్వారం దగ్గరికి చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. విశాఖపట్నం నుంచి ఢిల్లీ మీదుగా టోక్యో వరకు రత్నకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తనకంటే రెండేళ్ళు ముందు చదివిన సీనియర్ ఒకామె టోక్యోలో ఎదురొచ్చి, ఇంట్లో ఉంచుకుని, పప్పు అన్నం పెట్టి, దగ్గరుండి రైలెక్కించింది. ఆ తరువాతి దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. గది అద్దెకిచ్చిన యజమాని పంపిన పటం ఒకటి చేతిలో ఉంది. అందులో రెండు వీధులు, ఒక బడి, ఒక స్టేషను గీసి ఉన్నాయి. స్టేషను పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఆ సున్నాలో ఉన్నవి రెండే రెండు జపనీస్ అక్షరాలు. విశాఖలో బయలుదేరే ముందు ఫోనులో వేయించుకున్న రోమింగ్ ప్యాకు ఢిల్లీ దాటాక పనిచేయడం మానేసింది కనుక ఆ అక్షరాలను ఎలా పలకాలో కనుక్కునే మార్గం కూడా లేకపోయింది.

గోడలో వరుసగా టికెట్ యంత్రాలు, వాటి పైన గోడ పొడవునా విశాలమైన పటం ఉన్నాయి. ఎర్ర గీత, ఊదా గీత, ఆకుపచ్చ గీత ఒకదానినొకటి దాటుకుంటూ పోతున్నాయి. ప్రతి స్టేషను దగ్గరా ఒక అంకె ఉంది. రత్న ఖాళీగా ఉన్న యంత్రం ముందు నిలబడి, తెర మీద ఇంగ్లీషు అని ఉన్న చోట నొక్కింది. తెర వెంటనే ఇంగ్లీషులోకి మారింది గాని, అది ఎక్కడికి వెళ్ళాలని అడగలేదు, ఎంత టికెట్టు కావాలని అడిగింది. నూట తొంభై, రెండు వందల నలభై, రెండు వందల తొంభై, మూడు వందల నలభై, మూడు వందల తొంభై అంటూ ధరల గడులు చూపించింది. మన బస్సులో అయితే ఊరి పేరు చెబితే చాలు, లెక్క కండక్టరు చూసుకుంటాడు. ఇక్కడ లెక్క తెలిసినవాడికే టికెట్టు. భాష మారితే అన్నీ తెలిసిపోతాయని అనుకున్న రత్నకు, తెలియనిది ఇప్పుడు ఇంగ్లీషులో చక్కగా కనబడుతోంది.

వెనుక ముగ్గురు నలుగురు నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు, అయినా ఆమెకే సిగ్గనిపించి పక్కకు తప్పుకుంది. తలెత్తి ఆ గోడ పటంలో తన రెండు అక్షరాల కోసం వెతకసాగింది. ఎన్ని స్టేషన్లు చూసినా అన్నీ ఒకే రకంగా కనిపించాయి.

అప్పుడు పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు. అరవై దాటిన స్త్రీ, నెత్తి మీద గుడ్డ టోపీ, చేతిలో కూరల సంచి, సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఉల్లికాడలు. ఆమె రత్న చేతిలోని కాగితం వైపు చూపించి, చూడవచ్చా అన్నట్టు రెండు చేతులూ చాపింది. రత్న కాగితం ఇచ్చింది. ఆమె దానిని కళ్ళకు దూరంగా పట్టుకుని చూసి, "నగాయి" అంది. ఆ తరువాత జపనీస్‌లో చాలా చెప్పింది. రత్న ఇంగ్లీషులో సమాధానమిచ్చింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదని ఇద్దరికీ అర్థమైంది. ఆమె నవ్వి, మాటలు ఆపేసి, వేలు పైకెత్తింది.

వేలు ముందుగా ఎర్ర గీత మీదికి వెళ్ళింది. ఆ గీతలో ప్రతి స్టేషను పక్కనా ఎర్రని వలయంలో M అనే అక్షరం, దాని కింద ఒక అంకె ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళు నిలబడి ఉన్న చోటు M13. వేలు కిందికి జారింది: M14, M15, M16. అలా దిగుతూ M26 దగ్గర ఆగింది. ఆమె కాగితాన్ని పైకెత్తి పట్టుకుని, ఎర్ర సున్నాలోని రెండు అక్షరాలను, గోడ మీది రెండు అక్షరాలను మార్చి మార్చి చూపింది. మొదటి అక్షరం పై భాగం పళ్ళున్న దువ్వెనను నిలబెట్టినట్టుంది. రెండవదానిలో అడుగున చిన్న చతురస్రం ఉంది. గోడ మీదా అవే ఉన్నాయి: 長居. వాటి పక్కన మూడు వందల నలభై అని అంకె. ఇంతసేపూ అది అక్కడే ఉంది. ఏ గీత మీద ఏ నంబరు చూడాలో తెలియకపోవడం వల్ల మాత్రమే అది కనబడలేదు.

ఇక ఆ యంత్రం దగ్గరికి ఆమే వెళ్ళి టికెట్టు తీసి ఇస్తుందని రత్న అనుకుంది. అలా జరగలేదు. ఆమె రత్ననే యంత్రం ముందు నిలబెట్టి, తాను ఒక అడుగు పక్కకు జరిగి, చేతులు వెనక్కి కట్టుకుంది. యంత్రం ఎడమ వైపున మనుషుల బొమ్మలున్నాయి. ఒక మనిషి, ఇద్దరు, ముగ్గురు. దాని దగ్గరే పిల్లల టికెట్టుకు వేరే గడి ఉంది. ఆమె ఆ పిల్లల బొమ్మను చూపించి, తరువాత రత్నను చూపించి, కాదని చేయి ఊపుతూ నవ్వింది. అది పరిహాసమో హెచ్చరికో చెప్పడం కష్టం, రెండూ కావచ్చు.

రత్న ముందుగా చేతిలోని చిల్లర వేసింది. నూరు యెన్‌ల నాణేలు లోపలికి వెళ్ళాయి. వాటి తరువాత వేసిన పసుపు రంగు నాణెం మాత్రం టంగుమని కింది పళ్ళెంలోకి వచ్చి పడింది. మధ్యలో చిల్లు, ఒక వైపు వంగిన వరి కంకి, ఎంత విలువో చెప్పే, ఆమె చదవగల అంకె ఏ వైపునా లేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ పడింది. ఆమె ఆ నాణేన్ని తీసి రత్న అరచేతిలో పెట్టి, ఐదు వేళ్ళు చూపించి, యంత్రం వైపు చేయి అడ్డంగా ఊపింది. ఐదు యెన్‌లను, ఒక యెన్‌ను ఈ యంత్రం తీసుకోదు. ఇక రత్న వెయ్యి యెన్‌ల నోటు తీసింది. అప్పుడామె రద్దు గడిని నొక్కించింది. వేసిన నాణేలన్నీ తిరిగి పళ్ళెంలో పడ్డాయి. మళ్ళీ మొదటి నుంచి చేయమని ఆమె సైగ చేసింది. నోటు, ఒక మనిషి బొమ్మ, మూడు వందల నలభై. చిన్న టికెట్టు బయటికి వచ్చింది. దానితో పాటు ఆరు వందల అరవై యెన్‌ల చిల్లర కూడా వచ్చింది. రత్న ఆ చిల్లరను అక్కడికక్కడే లెక్కపెట్టింది. పూర్ణామార్కెట్‌లో వాళ్ళ అమ్మ ఎప్పుడూ చేసే పనే అది.

సూట్‌కేసు పై అరలో మాడుగుల హల్వా డబ్బా ఉంది. రత్న దానిని తీసి ఇచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకుని, నడుము వంచి, తిరిగి ఇచ్చేయబోయింది. రత్న చేతులు వెనక్కి కట్టుకుంది. కాసేపటికి ముందు ఆమె దగ్గర నేర్చుకున్న సైగే. అప్పుడు ఆమె గట్టిగా నవ్వి, డబ్బాను ఉల్లికాడల మధ్య పెట్టుకుంది.

గేటు దగ్గర టికెట్టు ఒక సందులో దూరి అవతల వైపు పైకి లేచింది. దానిని తీసుకోవడం మరచిపోవద్దని ఆమె ఇవతల నుంచే చేతితో లాగి చూపించింది. చివరగా ఒక్క పాఠం మిగిలింది. ఆమె గాలిలో M13 అని రాసి, వేలితో పైకి లెక్కపెట్టింది: పద్నాలుగు, పదిహేను, పదహారు. తరువాత పన్నెండు చూపించి తల అడ్డంగా ఊపింది. అంకె పెరిగితే సరైన దారి, తగ్గితే తప్పు దారి.

ప్లాట్‌ఫారం బోర్డు మీద ఒక పక్క M12, మరో పక్క M14 ఉన్నాయి. రత్న పద్నాలుగు వైపు వచ్చే రైలెక్కింది. రైలు కొంతసేపు ఎత్తయిన వంతెన మీద పోయింది, యోదో నదిని దాటింది, ఆ తరువాత భూమిలోకి దిగింది. ఉమేదలో జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె తలుపు పక్కన సూట్‌కేసును కాళ్ళ మధ్య ఇరికించుకుని నిలబడి, ప్రతి స్టేషనులోనూ గోడ మీది అంకెను మాత్రమే చూసింది. పదిహేడు, పద్దెనిమిది. ఇరవై దగ్గర సగం పెట్టె ఖాళీ అయింది.

ఇరవై మూడు దగ్గర రైలు ఆగి, దీపాలు వెలుగుతుండగానే అందరూ దిగిపోసాగారు. మైకులో ఏదో చెప్పారు. ఒక ఉద్యోగి పెట్టెల్లోకి తొంగి చూస్తూ వచ్చి, రత్నను కూడా దిగమన్నట్టు మర్యాదగా చేయి చాపాడు. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. తాను తప్పు రైలెక్కిందా? అంకెలు పెరుగుతూనే వచ్చాయి కదా. టెన్నోజి అనే ఆ స్టేషనుతోనే ఈ రైలు ఆగిపోతుంది, అటువైపు చివరి దాకా పోయేది వేరే రైలు. ఆ సంగతి ఆమెకు చెప్పినవారు లేరు, ఆమె చుట్టూ చూసి గ్రహించింది. దిగినవాళ్ళలో చాలామంది బయటికి పోకుండా వరుస కట్టారు. ఆ వరుస ముందున్న బోర్డు మీద M24 వైపు బాణం గుర్తు ఉంది. ఎవరినీ అడగకుండా రత్న ఆ వరుస చివర నిలబడింది.

M26లో గేటు టికెట్టును మింగేసి తిరిగి ఇవ్వలేదు. దాచుకుందామనుకున్న టికెట్టు పోయినందుకు ఆమెకు కొంచెం కష్టమనిపించింది.

గదిలో యజమాని ఇచ్చిన వైఫై కలవగానే ఇంటికి వీడియో కాల్ చేసింది. పెదవాల్తేరులో అప్పటికి సాయంత్రం ఐదు కూడా కాలేదు. అమ్మ క్షేమంగా చేరావా అని అడుగుతుండగానే, భీమిలి నుంచి వచ్చి ఉన్న మామ్మ ఫోను లాక్కుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా చేపల గంప ఎత్తుకుని భీమిలి నుంచి పట్నానికి బస్సులో తిరిగిన మనిషి. సంతకం కూడా వేలిముద్రే.

"ఏటే గుంటా, ఆ రాతలన్నీ నీకు తెలుసునా?"

"తెలీదు మామ్మా. నంబర్లు చూసుకుని వచ్చాను."

"మరి నానేటి సేసీదాన్ని? తొమ్మిదీ, పక్కన రెండు గుండ్రాలూ ఉంటే మన బండి. బోర్డు మీద ఊరు పేరు ఎవులు సదివినారు?" అంది మామ్మ. రైలు మధ్యలో ఆగిపోయిన సంగతి విని, "ఔనే, మద్దిలిపాలెం కాడ డిపో బండి ఆపీసి దిగమంటారు కాదా, అలాగే" అని తేల్చేసింది.

ఆ పెద్దావిడ గురించి చెబితే మామ్మ శ్రద్ధగా విన్నది. ఉల్లికాడల సంగతి వచ్చేసరికి ముందుకు వంగింది.

"ఆయమ్మ కూరలు కొన్నాదంటే దగ్గర్లో బజారుంటాది. సేపల బజారు ఏ నంబరు కాడ దిగాలో అడిగినావా?"

"అడగలేదు మామ్మా. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఆవిడ భాష రాదు."

"సేప బొమ్మ గీసి సూపిస్తే సాలదా?" అని మామ్మ ఫోను అమ్మ చేతిలో పెట్టేసింది.