చీటీల్లో మీరడిగిన మూడు ప్రశ్నలు: పదో తరగతి, సోషల్

శనివారం మీరు రాసిచ్చిన చీటీల్లో మూడింటికి జవాబులివి. చూసి ఎక్కించుకోవద్దు, మీ ఇంటి లెక్కలతో రాయండి.

"ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో చెప్తున్నారు. మా అమ్మేమో ఏ ధరా తగ్గలేదంటోంది. ఎవరిది నిజం?"

ఇద్దరిదీ. పోయినేడు 100 రూపాయలకు వచ్చిన సరుకులకు ఈ ఏడు 106 ఇస్తే ద్రవ్యోల్బణం 6 శాతం. వచ్చే ఏడు అవే సరుకులు 109 అయితే అది 3 శాతం లోపే. పెరిగే వేగం తగ్గింది, ధర మాత్రం పెరుగుతూనే ఉంది. తుఫానుకి తోటలు పోయి వంకాయ ఒక్కటే మండిపోతే దాన్ని ద్రవ్యోల్బణం అనరు. మొత్తం మీద సరుకుల ధరలు పెరుగుతూ పోవాలి. రిజర్వు బ్యాంకు దీన్ని 4 శాతం దగ్గర ఉంచాలని చూస్తుంది, 2 అటూ ఇటూ.

"మా నాన్న ఆటో నడుపుతాడు. పన్ను కట్టడు కదా సార్?"

కడతాడు నాయనా, రోజూ కడతాడు. ఆదాయపు పన్ను కట్టకపోవచ్చు. ఆటోలో పోయించే డీజిల్ ధరలో కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ రెండూ ఉంటాయి. 42 రూపాయల సబ్బులో 2 రూపాయలు జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 ముందు సబ్బు మీద 18 శాతం ఉండేది, ఇప్పుడు 5. మీ నోటుబుక్కుల మీద అసలు లేదు. కొట్టువాడు వసూలు చేసి ప్రభుత్వానికి కడతాడు కాబట్టి ఇది పరోక్ష పన్ను. కోటీశ్వరుడికీ మీ నాన్నకీ ఆ 2 రూపాయలు ఒక్కటే. నాకైతే ఇందులో న్యాయం తక్కువే అనిపిస్తుంది. పరీక్షలో మాత్రం రెండు వైపులా రాయండి.

"పలాస జీడిపప్పు అంతా కొంటారు. మరి దేశానికి వాణిజ్య లోటు ఎందుకు?"

ఈ చీటీ చూసి ముచ్చటేసింది. మన ఉద్దానం తోటల పిక్కలు పలాస ఫ్యాక్టరీలకు చాలవు. ఆఫ్రికా నుంచి ఓడల్లో పిక్కలు తెప్పిస్తారు. అది దిగుమతి. వాటిని కాల్చి, కొట్టి, తొక్క తీసి, గ్రేడు కట్టి విదేశానికి పంపితే ఎగుమతి. పలాసలోనే అమ్మితే ఎగుమతి లెక్కలోకి రాదు. కొన్న పిక్కల ఖర్చు మాత్రం దిగుమతి లెక్కలో నిలిచిపోతుంది.

దేశం మొత్తానికీ ఇదే లెక్క. 2024-25లో మనం అమ్మిన సరుకులు సుమారు 43,700 కోట్ల డాలర్లు, కొన్నవి సుమారు 72,000 కోట్లు. తేడా 28,300 కోట్లు, అదే సరుకుల వాణిజ్య లోటు. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటిదే, పైగా బంగారం మోజు ఒకటి. సాఫ్ట్‌వేర్ లాంటి సేవలు అమ్మితే వచ్చే డాలర్లు ఈ గుంతను చాలావరకు పూడుస్తాయి.

లోటు అనగానే నష్టం అని రాసేయకండి. పిక్కలు కొనకపోతే ఫ్యాక్టరీ మూతపడి, పప్పు ఒలిచే ఆడవాళ్ళకు కూలి పోతుంది. బడ్జెట్ లోటు వేరు, అది ప్రభుత్వం ఖర్చుకీ రాబడికీ మధ్య తేడా. పోయిన పరీక్షలో సగం మంది ఈ రెండూ కలిపేశారు.

"నోట్లు ఇంకా అచ్చువేస్తే సరిపోదా?" అన్న చీటీ సంగతి సోమవారం చూద్దాం.