రామప్ప దృశ్యం: తెలుగు డబ్బింగ్ ప్రతి, లూపులు 38 నుంచి 50

రీలు 2. సెకనుకు 24 ఫ్రేములు. రికార్డింగ్ గురువారం, ఉదయం పది గంటలకు.
గొంతులు: ఎలెన్ (యాభై దాటిన కట్టడాల ఇంజినీరు), స్వప్న (హనుమకొండలో చదువుకునే అమ్మాయి, అసలు చిత్రంలో దుబాసీ). ఇటుక పని తెలిసిన పెద్దాయన రాజయ్యకు డబ్బింగ్ లేదు.

గుర్తులు: / చిన్న ఆపు, // ఊపిరి. [మూ] పక్కన ఉంటే ఆ అక్షరం దగ్గర తెరమీద పెదవులు మూసుకుంటాయి. అక్కడ ప, బ, భ, మలలో ఒకటి పడి తీరాలి.

డైరెక్టరు గారికి: మొదటి అనువాద ప్రతి నా దగ్గరే ఉంది. అర్థంలో ఒక్క తప్పూ లేదు, కానీ నోటికి ఒక్క మాటా సరిపోలేదు. అందుకే హనుమకొండలో ఇంట్లో అద్దం ముందు కూర్చుని, బొమ్మను శబ్దం లేకుండా నడిపిస్తూ మళ్ళీ రాశాను. మాట మార్చాలని ఎవరికైనా అనిపిస్తే సంతోషంగా మార్చండి, [మూ] దగ్గర మాత్రం నన్ను అడగండి.

సున్న గురించి ఒక్క మాట. మన పదాల్లో చాలా వరకు అచ్చుతోనే ముగుస్తాయి, ఇంగ్లిషు నోరు తరచుగా హల్లు మీద ఆగుతుంది. తెరమీద పెదవులు మూసి ఆగినప్పుడు మనకు దిక్కు పదం చివరి సున్న: కాలం, చేద్దాం, కట్టడం. అలాగని ప్రతి సున్నా పెదవి మూయదు. చ ముందు, డ ముందు, గ ముందు వచ్చే సున్నకు నాలుకే పని చేస్తుంది. ఈ తేడా మీద రెండు లూపులు నిలబడి ఉన్నాయి.

లూపు 38. 00:12:04:00 – 00:12:30:00
ఎలెన్ గొంతు, తెర వెనుక. నోరు కనిపించదు, నిడివి ఒక్కటే కొలత.

ఎలెన్: 1213లో రేచర్ల రుద్రుడు ఈ గుడి పని మొదలుపెట్టాడు. / కాకతీయ గణపతిదేవుడి సేనాని ఆయన. // గోడలకు ఇసుకరాయి, / స్తంభాలకు గ్రానైటు, నల్లటి డోలరైటు. // శిఖరానికి మాత్రం రాయి కాదు, ఇటుక. / నీళ్ళలో వేస్తే తేలేంత తేలికైన ఇటుక. // ఆ ఇటుక రహస్యం కోసం ఇంత దూరం వచ్చాను.

సంవత్సరాన్ని "పన్నెండు వందల పదమూడు" అని చదవాలి. ఇంగ్లిషులో మూడు అక్షరాల పని, మనకు పది. 2021లో ఈ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన వాక్యం అసలులో ఇక్కడే ఉంది. మొదటి టైటిల్ కార్డు మీదా అదే ఉంది కాబట్టి ఇక్కడ తీసేసి ఆ సెకన్లను సంవత్సరానికి ఇచ్చాను. "శిఖరానికి మాత్రం" అనేసరికి కెమెరా గుడి విమానం మీదికి ఎక్కుతుంది. ఆ మాట కంటే బొమ్మ ముందు రాకూడదు.

లూపు 39. 00:12:31:08 – 00:12:32:22
క్లోజప్. అసలు: సో దిస్ ఈజ్ పాలంపేట్.

ఎలెన్: ఇదేనా పా[మూ]లం[మూ]పేట.

ఊరి పేరే మనకు కలిసొచ్చింది. నాలుగో అక్షరం దగ్గర పెదవులు కలుస్తాయి, మనకూ నాలుగోదే పా. ఈ సున్న ప ముందు ఉంది కాబట్టి పెదవి మూస్తుంది. చివరి ట నోట్లోనే ఆగిపోవాలి, సాగదీస్తే నోరు ఆగాక గొంతు వినిపిస్తుంది.

లూపు 40. 00:12:50:03 – 00:12:51:10
ఎలెన్ తాను చేయించి తెచ్చిన నమూనా ఇటుకను రాజయ్య చేతికి ఇస్తుంది. ముందర నీళ్ళ బకెట్టు. అసలు: పుట్ ఇట్ ఇన్ ద వాటర్.

ఎలెన్: ము[మూ]ంచండి నీళ్ళలో.

మొదటి ప్రతిలో "దీన్ని నీళ్ళలో వేయండి" అని ఉంది. ఎనిమిది అక్షరాలు, మొదట్లో పెదవి కలవదు. ఆమె నోరు ఆరు అక్షరాలకే ఆగిపోతుంది, పైగా పెదవులు మూసుకునే మొదలవుతుంది. "ముంచండి నీళ్ళలో" లెక్కకు సరిగ్గా ఆరు. మాటల వరస తిరగబడింది కదా అనకండి, బకెట్టు ముందు నిలబడ్డ మనిషి అలాగే అంటుంది. "ముంచమ్మా" రాసి కొట్టేశాను: వినేది పెద్దమనిషి, పైగా మ్మ దగ్గర తెరమీద పెదవులు తెరుచుకుని ఉన్నాయి. ముంచండిలోని రెండు సున్నలూ పెదవి మూయవు.

లూపు 41. 00:12:53:00 – 00:13:01:12
ఇటుక తేలుతుంది. ఎలెన్ గొణుగుడు, మూడుసార్లు. అసలు: కమాన్.

ఎలెన్: ఉండమ్[మూ]మా... / ఉండమ్[మూ]మా... // (మూడోది ఊపిరి మాత్రమే)

ఇటుకను అమ్మా అని బతిమాలడం మన వాళ్ళకు కొత్త కాదు, మొరాయించిన మోటారునూ అలాగే బతిమాలుతాం. అసలులో రెండు అక్షరాలు, మనకు మూడు. మొదటి ఉ వినీ వినిపించనట్టు ఉండాలి.

లూపు 42. 00:13:02:05 – 00:13:02:20
బుడగలు. ఇటుక మునుగుతుంది. అసలు: ఓ.

ఎలెన్: అయ్యో.

గుండ్రంగా తిరిగే ముందు ఆమె నోరు అయిదు ఫ్రేములు ఊరికే తెరుచుకుని ఉంటుంది. ఆ అయిదింటిలో అ సరిపోతుంది. గట్టిగా వద్దు.

లూపు 43. 00:13:05:00 – 00:13:08:16
రాజయ్య, అసలు గొంతు. చిత్రీకరణలో ఆయన తెలుగులోనే మాట్లాడాడు. ఆయన మాట, ఆయన యాస మార్చే హక్కు మనకు లేదు. కింద రాసింది మీకు గుర్తు కోసం సర్దిన మాటే.

రాజయ్య: ఎండకు ఆరింది. నీడకు ఆరాలి.

ఇక్కడి నుంచి నాలుగు లూపులు నన్ను రెండు రోజులు కూర్చోబెట్టాయి. అసలు చిత్రంలో రాజయ్య తెలుగులో అంటాడు, స్వప్న ఇంగ్లిషులో చెబుతుంది, ఎలెన్ బదులిస్తుంది. మన ప్రతిలో ముగ్గురూ తెలుగే. ఉన్నది ఉన్నట్టు పెడితే తాత అన్న మాటనే మనవరాలు తెలుగులో మళ్ళీ అంటుంది, హాలులో నవ్వు పుడుతుంది. స్వప్నను దుబాసీ పని నుంచి తప్పించక తప్పలేదు. అయితే ఆమె నోరు తెరమీద కదులుతూనే ఉంటుంది, ఆ కదలికకు కొత్త మాట కావాలి. ఆ మాట ముందు ఎలెన్ ప్రశ్నకూ, వెనుక రాజయ్య జవాబుకూ అతకాలి. రాజయ్య జవాబు మాత్రం కదలదు.

లూపు 44. 00:13:09:06 – 00:13:10:02
అసలు: వాట్ డిడ్ హీ సే?

ఎలెన్: ఔనా? నీడకే?

"ఏమన్నారు?" ఇక పనికిరాదు, ఆమెకు తెలుగు అర్థమవుతోంది కదా. పెదవులు గుండ్రంగా మొదలై ఏకారం మీద ఆగుతాయి. ఔ అక్కడ, కే ఇక్కడ. మధ్యలో మూత లేదు, మనకూ లేదు.

లూపు 45. 00:13:10:14 – 00:13:12:04
మిడ్ షాట్, స్వప్న నోరు స్పష్టంగా ఉంది. అసలు: హీ సేజ్ ఇట్ డ్రైడ్ ఇన్ ద సన్.

స్వప్న: ఎందుకు దాచారు తాతా?

మొదట "మరి మాకు ముందే చెప్పొచ్చుగా" అని రాసుకున్నాను. వినడానికి హాయిగా ఉంది, చూస్తే ఘోరం: నాలుగు చోట్ల పెదవులు మూయాలి, ఆ అమ్మాయి పెదవులు ఒక్కసారి కూడా కలవవు. ప వర్గమే లేని వాక్యం వెతకడం మన భాషలో చిన్న పని కాదు, ఒకసారి రాసి చూడండి. అసలులో ఏడు అక్షరాలు, మనకు ఎనిమిది. ఎందుకులోని కు మింగేస్తే సరిపోతుంది. నింద వద్దు, ముద్దుగా కోప్పడాలి.

లూపు 46. 00:13:12:12 – 00:13:13:18
అసలు: అండ్ హీజ్ టెల్లింగ్ మీ నౌ?

ఎలెన్: ఆ కథ ఇ[మూ]ప్పుడా!

తెరమీద అయిదో అక్షరం దగ్గర పెదవులు కలుస్తాయి. మనకూ అయిదోదే ప్పు. "సంగతి" అంటే అర్థం ఇంకా బాగుండేది, ఒక అక్షరం ఎక్కువై మూత ఆలస్యమవుతోంది. అసలులో ఆమె పెద్దాయన ఎదుటే ఆయనను "అతను" అంటుంది. దుబాసీ మధ్యలో ఉంటే అది చెల్లుతుంది, నేరుగా తెలుగులో అంటే మొహం మీద కొట్టినట్టే. అందుకే సర్వనామమే లేకుండా చేశాను.

లూపు 47. 00:13:15:00 – 00:13:17:10
రాజయ్య, అసలు గొంతు.

రాజయ్య: అడిగితే కదా బిడ్డా చెప్పేది.

ఇప్పుడు ఇది స్వప్న ప్రశ్నకు జవాబు. చూపు మాత్రం ఎలెన్ వైపు ఉంది, బిడ్డా అన్నది ఇద్దరికీ తగులుతుంది. దీని మీద స్వప్న నవ్వు ఉంది, ఇంగ్లిషు గొంతుతో కలిసిపోయిన నవ్వు కాబట్టి మళ్ళీ రికార్డు చేయాలి: 00:13:17:00 నుంచి ఒక సెకను, పెదవులు మూసుకునే.

లూపు 48. 00:13:24:00 – 00:13:26:08
పెద్ద క్లోజప్. ఆరు సెకన్ల నిశ్శబ్దం తరువాత. అసలు: ఇట్ టుక్ దెమ్ ఫార్టీ ఇయర్స్.

ఎలెన్: కట్టడం[మూ] / నలభై ఏళ్ళు.

దెమ్ దగ్గర పెదవులు మూసుకుంటాయి, కట్టడం సున్న సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. ఆ ఆపు వల్లే సున్న మ అవుతుంది, ఆపకుండా పోతే న ముందు అది చెదిరిపోతుంది. తరువాతి సగం అంత సుఖంగా లేదు. ఫ దగ్గర పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి, మనకు అక్కడ న వస్తుంది. భై కోసం పెదవులు కలిసేసరికి తెరమీద అవి విడిపోయి ఉంటాయి. నల తొందరగా అనేస్తే భై రెండు ఫ్రేముల ఆలస్యంతో వస్తుంది, రెండు ఫ్రేములు కంటికి దొరకవు. ఏళ్ళు వినిపించేసరికి కెమెరా శిఖరం మీదికి వెళ్ళిపోతుంది కాబట్టి దానికి తీరిక ఇవ్వవచ్చు. అంకె మార్చి "ఎన్నో ఏళ్ళు" చేద్దామని ఎవరూ అడగవద్దు, ఆమె తలవంచేది ఆ అంకెకే.

లూపు 49. 00:13:29:10 – 00:13:32:06
అసలు: మిస్టర్ రాజయ్య. (ఆపు) టీచ్ మీ.

ఎలెన్: పె[మూ]ద్దయ్య గారూ. // నేర్[మూ]పండి.

మిస్టర్ పెదవులు మూసుకుని మొదలవుతుంది, పెద్దయ్యా అంతే. అటూ అయిదు అక్షరాలు, ఇటూ అయిదు. చివరి రూ దగ్గర నోరు గుండ్రం కావాలి, ఆమె నోరు మాత్రం తెరుచుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే తల పక్కకు తిప్పుతుంది, బతికిపోయాం.

నేర్పండి: అసలులో రెండు, మనకు మూడు. పెదవుల మూత మధ్యలో, ముగింపు ఇకారం మీద, ఇక్కడా అక్కడా. "నాకు" వద్దు, ఆమె చూపులోనే ఉంది. ఎలెన్ పాత్రధారిణికి: ఈ మాటను అడుక్కుంటున్నట్టు అనకండి, ఆజ్ఞలాగా కూడా వద్దు. పొలం గట్టు మీద పనివాణ్ణి పని అడిగే గొంతు చాలు. నాలుగు టేకులు తీసుకోండి, మొదటిదే బాగుంటుందని నా అనుమానం.

లూపు 50. 00:13:33:00 – 00:13:41:00
మాట లేదు. రాజయ్య బకెట్టులో చేయి పెట్టి తడిసిన ఇటుకను పైకి తీస్తాడు. నీళ్ళ చప్పుడు, పిట్టల చప్పుడు అసలు ట్రాకులోవే. 00:13:38:00 దగ్గర ఎలెన్ ఒక ఊపిరి వదులుతుంది, అది మాత్రం మన పాత్రధారిణిది కావాలి. రీలు పూర్తి.