గిజిగాడి గూడు: చదివి వినిపించే వీడియో స్క్రిప్ట్

వయసు 3–6 ఏళ్ళు. నిడివి సుమారు 4 నిమిషాలు.

చదివేవారికి: పేజీ తిరగగానే మొదలుపెట్టకండి. మనసులో ఒకటి, రెండు అనుకుని చదవండి. పిల్లలు ముందు బొమ్మ చూస్తారు, తర్వాతే వింటారు.

ఎడిటర్‌కి: పడుకునే ముందు చూసే వీడియో. ఏ శబ్దమూ గొంతును మించకూడదు, హఠాత్తుగా మొదలవకూడదు.

[పేజీ 1. శబ్దం: దూరంగా పిచ్చుకల కిచకిచ, మెల్లగా తగ్గాలి]

పొలం గట్టున పాత బావి. బావి మీదికి వంగిన తుమ్మచెట్టు. కొమ్మ చివర ఎవరో చూడండి! నెత్తిన పసుపురంగు. గిజిగాడు!

[పేజీ తిప్పాలి. శబ్దం: పచ్చి ఆకు చీల్చిన చప్పుడు. కాగితం చింపినది వాడొద్దు, అది గరుగ్గా వినిపిస్తుంది]

వరి ఆకు మొదట్లో ముక్కుతో చిన్న గాటు పెట్టాడు. అంచు పట్టుకుని ఎగిరాడు. సర్ర్‌ర్... పొడుగాటి పోచ ఊడొచ్చింది!

[పేజీ తిప్పాలి. పుస్తకంలో ఇక్కడ అల్లిక గురించి పెద్ద పేరా ఉంది. చేత్తో చూపిస్తే చాలని తీసేసి, ఈ పల్లవి పెట్టాను. వేళ్ళతో అల్లుతూ చదవండి]

పైనించి ఒకటి,
కిందనించి ఒకటి,
లాగి ఒక ముడి!

మీరూ అనండి.

[3 సెకన్ల ఖాళీ. సంగీతం వద్దు. ఇది పిల్లల వంతు]

పైనించి ఒకటి, కిందనించి ఒకటి, లాగి ఒక ముడి!

[పేజీ తిప్పాలి. శబ్దం: రెక్కల టపటప, ఒక్కసారే]

గూడు సగమైంది. బోర్లించిన గంపలా వేలాడుతోంది. అంతలో ఆడపిట్ట వచ్చింది. గిజిగాడు రెక్కలాడిస్తూ అరిచాడు.

"రావమ్మా, రా! నా ఇల్లు చూడు!"

ఆమె లోపలికెళ్ళింది. ఒక పోచ లాగింది. ఇంకోటి లాగింది.

"ఊహూఁ. వదులుగా ఉందయ్యా."

తుర్రుమంది.

[పేజీ తిప్పాలి, నెమ్మదిగా. శబ్దం: గాలి మాత్రమే. గొంతులో ఏడుపు తేవొద్దు. గిజిగాడు ఏడవలేదు, ఆలోచిస్తున్నాడు]

గిజిగాడు గూటిని చూశాడు. కొమ్మను చూశాడు. వరిచేను వైపు చూశాడు. ఏం చేస్తాడంటారు?

[2 సెకన్ల ఖాళీ. పేజీ తిప్పాలి]

పైనించి ఒకటి, కిందనించి ఒకటి, లాగి, లాగి, గట్టిగా ఒక ముడి!

[పేజీ తిప్పాలి. శబ్దం: బావిలో నీటిచుక్క, టప్]

ఆడపిట్ట మళ్ళీ వచ్చింది. పోచ లాగింది. రాలేదు. కొమ్మ ఊగింది. గూడు కూడా ఊగింది, కానీ ఊడలేదు.

"ఇది బాగుంది. కానీ గుమ్మమేదీ?"

"ఇప్పుడే అల్లుతా!"

కిందికి వేలాడే పొడవాటి గొట్టం అల్లాడు. ఇక రాకపోకలన్నీ కిందనించే.

[పేజీ తిప్పాలి. గొంతు తగ్గించి]

కొన్నాళ్ళకు గూట్లో తెల్లటి గుడ్లు. ఆడపిట్ట వాటిమీద కూర్చుంది. మరి గిజిగాడేడీ?

[ఆఖరి పేజీ. గొంతులో నవ్వు రావాలి. శబ్దం: ఆకు చీల్చిన చప్పుడు]

పక్క కొమ్మ మీద! ముక్కులో కొత్త పోచ!

పైనించి ఒకటి...

[మిగతాది పిల్లలే పూర్తిచేస్తారు. 5 సెకన్లు బొమ్మ కదలకుండా ఉంచి ఆపేయండి]