జూలై 15 నాటి పనుల గడువులు మార్చమని కోరుతూ

గుంటూరు,
2025 జూలై 3, గురువారం.

గౌరవనీయులైన మేనేజర్ గారికి నమస్కారం.

సోమవారం మీ గదిలో మాట్లాడుకున్నప్పుడు మిర్చి నిల్వల సరిపోలిక, గత ఆర్థిక సంవత్సరపు ఆడిట్ షెడ్యూళ్లు, మొదటి త్రైమాసికపు టీడీఎస్ రిటర్ను వివరాలు, ఈ మూడూ జూలై 15కల్లా మీ బల్ల మీద ఉండాలని మీరు చెప్పారు, నేను సరేనన్నాను. ఆ మాట లెక్క వేసుకోకుండా అన్నాను. తర్వాత రెండు రోజులు ఒక్కొక్క పనికీ ఎంత సమయం పడుతుందో కాగితం మీద వేసి చూసుకుంటే, ఒక్క మనిషి చేయగలిగిన దానికి అది రెట్టింపు కంటే ఎక్కువగా తేలింది. 14వ తేదీ సాయంత్రం వచ్చి కాలేదని చెప్పడం కంటే ఇప్పుడే చెప్పడం మంచిదని ఈ లేఖ రాస్తున్నాను.

రేపటి నుంచి 15 వరకు ఆదివారాలు తీసేస్తే పది పనిదినాలున్నాయి. రోజూ వోచర్లు, హమాలీ కూలీ చెల్లింపులు, కమీషన్ వ్యాపారుల ఫోన్లకు జవాబులు కలిపి రెండు గంటలకు తక్కువ పట్టడం లేదు, కాబట్టి నికరంగా చేతిలో ఉండేది ఏడున్నర రోజులు. ఇక పనుల సంగతి చూస్తే, జూన్ అమ్మకాల బిల్లులు సరిచూసి జీఎస్టీఆర్-1 వేయడానికి రెండు రోజులు, బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంటుకు ఒకటిన్నర రోజు, టీడీఎస్ చెల్లింపుకు, పీఎఫ్ ఈఎస్ఐలకు కలిపి ఒక రోజు పడతాయి. మీరు కొత్తగా చెప్పిన వాటిలో నిల్వల సరిపోలికకు ఏడు రోజులు, ఆడిట్ షెడ్యూళ్లకు ఆరు, టీడీఎస్ వివరాలకు మూడు రోజులు కావాలి. అన్నీ కలిపితే ఇరవై రోజులు దాటుతుంది. మే నెలాఖరున మానేసిన అకౌంటెంట్ చూసే పని కూడా నా దగ్గరికే వచ్చింది కనుక ఈ లెక్కలో పెంచి చెప్పినది ఏమీ లేదు, కావాలంటే ఏ పనికి ఎన్ని గంటలో రాసుకున్న పట్టిక మీకు చూపిస్తాను.

వీటిలో కొన్ని తేదీలను మీరూ నేనూ జరపలేము. టీడీఎస్ 7న కట్టాలి, జీఎస్టీఆర్-1 11న వెళ్లాలి, పీఎఫ్ ఈఎస్ఐలు 15న, జీఎస్టీఆర్-3బి 20న. ఈసారి 20 ఆదివారం వచ్చింది కనుక నేను 19నే ముగించుకోవాలి. స్టాక్ స్టేట్‌మెంటు 10లోపు బ్యాంకుకు చేరకపోతే డ్రాయింగ్ పవర్ తగ్గిస్తారని మీకు తెలిసినదే. టీడీఎస్ రిటర్ను మాత్రం 31 వరకు వేయవచ్చు. అది దాటితే రోజుకు 200 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. దానికంటే నాకు బాధ కలిగించేది, మనం కోసుకున్న పన్ను తమ ఖాతాలో కనబడటం లేదని కమీషన్ వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేయడం. జీఎస్టీ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. జూలై నెల లెక్క నుంచి, జీఎస్టీఆర్-1లో దొర్లిన తప్పును 3బిలో దిద్దుకునే వీలు ఉండదు, 3బి వేయక ముందే 1ఏ ద్వారా సరిచేసుకోవాలి. ఆ అలవాటు జూన్ లెక్క నుంచే ఉండాలి కనుక బిల్లులు సరిచూసే పనిలో తొందరపడటానికి నేను సిద్ధంగా లేను.

మిగిలిన మూడు పనుల గడువులు మన కార్యాలయం పెట్టుకున్నవి. వాటినే మార్చమని కోరుతున్నాను.

నిల్వల సరిపోలిక ఏడు రోజులెందుకని మీరు అడగవచ్చు. మన పేరు మీద మూడు కోల్డ్ స్టోరేజీలలో 14,600 టిక్కీలున్నట్టు పుస్తకంలో ఉంది: ఏటుకూరు రోడ్డులో 7,200, పలకలూరు రోడ్డులో 4,100, నరసరావుపేట రోడ్డులో 3,300. ఒక్కొక్క స్టోరు తన చీటీ తన పద్ధతిలో రాస్తుంది. ఒకరు లాటు నంబరు ముందు వేస్తారు, ఒకరు రకం ముందు వేస్తారు, తేజ, 341, బాడిగ ఒకే చీటీలో కలిపి రాసినవీ ఉన్నాయి. సరుకు తీసేటప్పుడు కొన్ని టిక్కీలు వేరే లాటులోంచి వెళ్లిపోతాయి, ఆ మార్పు మన పుస్తకంలోకి రాదు. కిందటేడు ఏటుకూరు రోడ్డు స్టోరులో తేలిన 38 టిక్కీల తేడా ఇలా వచ్చినదే, దాని మూలం కనిపెట్టడానికి అప్పుడు ఇద్దరం మూడు రోజులు తిరిగాము. పైగా ఛాంబర్లలో చలికి, ఘాటుకి గంటల తరబడి నిలబడి లెక్కపెట్టడం కుదరదు, వెనక వరుసల కోసం హమాలీలు ముందున్న టిక్కీలను జరపాలి, స్టోరు సూపర్‌వైజరు తీరుబడిగా దొరికేది డెలివరీలు అయిపోయాకే. స్టోరుకు రెండు రోజులు, ఆఖర్న పుస్తకంతో సరిచూడటానికి ఒక రోజు వేశాను.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. సగం సరుకు ఉన్నదీ, తేడా వచ్చినదీ ఏటుకూరు రోడ్డులోనే కనుక ఆ స్టోరును 8, 9 తేదీలలో ముగిస్తాను, దానివల్ల 10న బ్యాంకుకు పంపే లెక్క కూడా నమ్మకంగా ఉంటుంది. మిగిలిన రెండు స్టోర్లకు, మొత్తం సరిపోలికకు జూలై 26 వరకు గడువు ఇవ్వండి. టీడీఎస్ వివరాలు 24న మీకు ఇస్తే, మీరు చూసిన తర్వాత 28న రిటర్ను వేయవచ్చు. ఆడిట్ షెడ్యూళ్లను ఆగస్టు 23కు మార్చమని కోరుతున్నాను. పన్ను ఆడిట్ నివేదిక గడువు సెప్టెంబరు 30 కనుక ఆడిటరు గారికి ఆ తర్వాత కూడా అయిదు వారాలు మిగులుతాయి. వారి సహాయకుడు ఈ నెల 16నే వస్తానన్నాడని మీరు చెప్పారు. ఆయన ఖాళీ చేతులతో కూర్చోకుండా, బ్యాంకు, రుణాల షెడ్యూళ్లు మాత్రం ముందుగా కావాలనుకుంటే చెప్పండి, అవి అంతగా శ్రమ పెట్టవు కనుక జూలై చివరికి ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.

షెడ్యూళ్లు ఆగస్టు 23 కంటే ముందే కావాలంటే ఒక మార్గముంది. ఆగస్టు మొదటి రెండు వారాలు డిస్పాచ్ గుమాస్తాను రోజుకు రెండు గంటలు వోచర్లు, చెల్లింపులు చూడమని మీరు చెబితే, ఆగస్టు 14కే ఇవ్వగలను. ఆయనకు ఆ పని తెలుసు, కిందటి దసరా సెలవుల్లో చేశారు. అదనపు జీతం, కొత్త నియామకం నేను అడగడం లేదు, మానేసిన చోట ఎవరినైనా తీసుకోవాలా వద్దా అనేది మీరు యజమాని గారితో వేరుగా మాట్లాడవలసిన విషయం.

ఇవేవీ కుదరవు, మూడూ 15కే కావాలని మీరు నిర్ణయిస్తే, ఏది మొదట చేయాలో, ఏది వదిలేయాలో దయచేసి మీరే రాసి ఇవ్వండి. అన్నీ తలో సగం చేసి ఏ అంకె మీదా నమ్మకం లేకుండా ఆడిటరు ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు, అది మీకూ ఇబ్బందే.

శనివారం మధ్యాహ్నంలోపు మీ మాట తెలిస్తే, 8వ తేదీకి ఏటుకూరు రోడ్డు స్టోరు సూపర్‌వైజరుకు చెప్పి హమాలీలను సిద్ధం చేయించుకుంటాను. ఈ లోపు బిల్లుల సరిచూత రేపు ఉదయమే మొదలుపెడుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
శ్రీనివాసరావు,
అకౌంట్స్ విభాగం