రోజూ నడిచే త్రీడీ ప్రింటర్‌కు వారపు, నెలవారీ నిర్వహణ ప్రణాళిక

మా ఇంట్లో ముగ్గురం కలిసి వాడుతున్న త్రీడీ ప్రింటర్ కోసం ఈ ప్రణాళికను రాసి, యంత్రం పక్కనే అంటించాము. ఇది వస్తువు తయారయ్యే 220 మి.మీ. చదరపు బెడ్ ముందుకూ వెనక్కూ కదిలే రకానికి చెందినది. ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగను ఎక్స్‌ట్రూడర్ గేర్ నెడితే, అది పొడవాటి పీటీఎఫ్ఈ ప్లాస్టిక్ గొట్టం గుండా వెళ్లి, హాట్ ఎండ్ అనే వేడి భాగంలో కరిగి, 0.4 మి.మీ. ఇత్తడి నాజిల్ మొన నుంచి బయటికి వస్తుంది. రోజుకు సగటున 6 గంటలు, అంటే నెలకు సుమారు 180 గంటలు నడుస్తుంది. ఎక్కువగా పీఎల్ఏ, అప్పుడప్పుడు పీఈటీజీ రకం ప్లాస్టిక్ వాడుతున్నాము.

చూడవలసిన పని వేరు, చేయి పెట్టవలసిన పని వేరు. బాగా నడుస్తున్న బెల్టును "ఎందుకైనా మంచిది" అని బిగించడం వల్ల వచ్చిన ఇబ్బందులే మాకు ఎక్కువ. తేడా కనిపించిన చోట మాత్రమే సరిచేయాలి, ఒక రోజున ఒకే మార్పు చేయాలి, చేసిన మార్పును తేదీతో పుస్తకంలో రాయాలి.

ప్రతి ఆదివారం ఉదయం (సుమారు 40 నిమిషాలు)

వేడి గానీ ప్రింట్ నడపడం గానీ అవసరమని చెప్పిన చోట తప్ప, ప్రింటర్ చల్లగా ఉండాలి, ప్లగ్ తీసి ఉండాలి.

☐ బెడ్ మీది పీఈఐ రేకును తీసి, గోరువెచ్చని నీటితోనూ గిన్నెలు తోమే సబ్బుతోనూ కడిగి, నూలు రాలని గుడ్డతో తుడిచి, అంచులు పట్టుకుని తిరిగి అమర్చాలి. రోజూ ప్రింట్‌కూ ప్రింట్‌కూ మధ్య ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తూనే ఉంటాము కానీ, మురికి పట్టిన గుడ్డతో తుడిస్తే వేలిజిడ్డు వదలక రేకంతా పలుచగా పరుచుకుంటుంది. మూలలు లేస్తున్నాయంటే బెడ్ ఎత్తు మార్చడానికి ముందు రేకు కడిగి చూడాలి. ఎసిటోన్ వాడరాదు.

☐ నాజిల్‌ను 200 డిగ్రీలకు వేడిచేసి, పట్టకారుతో పట్టుకున్న నూలు గుడ్డ ముక్కతో మొనను తుడవాలి. ఇత్తడి తీగల బ్రష్ వాడవలసి వస్తే మొన దాటి పైకి పోనివ్వకూడదు. దాని తీగలు హీటర్ లేదా వేడిని కొలిచే థర్మిస్టర్ వైర్లను తాకితే షార్ట్ అయి బోర్డు పోయే ప్రమాదముంది.

☐ చక్రాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఈ పనికి తొందరపడకూడదు. బెడ్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, దాని కింది చక్రాన్ని వేలితో తిప్పాలి. కొద్దిగా అడ్డుపడుతూ జారితే సరిగా ఉన్నట్టు, ఏ అడ్డూ లేకుండా తిరిగితే వదులైనట్టు, అసలు తిరగకపోతే మరీ బిగుసుకున్నట్టు. వదులైతే చక్రం బిగువును మార్చే ఎసెంట్రిక్ నట్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ మళ్లీ పరీక్షించాలి. మరీ బిగించిన చక్రం ఒకే చోట ఆగి ఉన్నప్పుడు అక్కడ చదునుగా అణిగి, ఆ తరువాత ప్రతి చుట్టుకూ ప్రింట్ గోడ మీద ఒక గీత వేస్తుంది. గాడిలో పేరుకున్న నల్లపొడిని పొడిగుడ్డతో తుడవాలి. ఈ చక్రాలకు నూనె వేయకూడదు.

☐ ఎక్స్‌ట్రూడర్ గేర్ పళ్ల మధ్య ఇరుక్కున్న ఫిలమెంట్ పొడిని పాత టూత్‌బ్రష్‌తో తీయాలి. ఆ తరువాత ఒక చిన్న ప్రింట్ నడుస్తుండగా గొట్టం చివర్లను చూడాలి. ఫిలమెంట్ వెనక్కు లాగినప్పుడల్లా గొట్టం కూడా ఒక మి.మీ. దాకా కదులుతుంటే ఆ చివరను పట్టి ఉంచే కప్లర్‌ను మార్చాలి. అలా కాకుండా ఫిలమెంట్‌ను వెనక్కు లాగే రిట్రాక్షన్ దూరం పెంచుకుంటూ పోతే తీగలు సాగే లోపం కొంత కప్పబడుతుంది కానీ, కారణం అక్కడే ఉంటుంది.

☐ హాట్ ఎండ్‌ను చల్లబరిచే చిన్న ఫ్యాన్‌లో వెంట్రుకలు, ప్లాస్టిక్ తీగలు ఉంటే తీయాలి. ఇది నెమ్మదిస్తే వేడి పైకి పాకి, ఫిలమెంట్ పైభాగంలోనే మెత్తబడి, గంట రెండు గంటల తరువాత ప్రింట్ ఆగిపోతుంది. చప్పుడు మారితే అదే వారం కొత్తది వేయాలి.

☐ బెల్టులను చూస్తే చాలు. పళ్లు అరిగి పుల్లీ దగ్గర రబ్బరు పొడి పడితే పుస్తకంలో రాయాలి.

చివరగా, బెడ్ నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ 0.2 మి.మీ. మందంతో ఒకే పొర చతురస్రాలు వేసి, చేతితో తీసి చూడాలి. గీతలు విడిపోతే నాజిల్ ఎత్తుగా ఉన్నట్టు, ఉపరితలం గరుకుగా దున్నినట్టుంటే మరీ దగ్గరగా ఉన్నట్టు.

ప్రతి నెల మొదటి ఆదివారం (వారపు పనులతో పాటు)

☐ నాజిల్‌ను పైకీ కిందికీ నడిపే లీడ్ స్క్రూ మీది పాత గ్రీజును గుడ్డతో పూర్తిగా తుడిచి, పీటీఎఫ్ఈ కలిసిన గ్రీజును పలుచగా పూసి, కింది కమాండ్లతో 200 మి.మీ. ఎత్తు దాకా రెండు మూడు సార్లు నడపాలి. తుడవకుండా పైపైన పూస్తే దుమ్ము కలిసి సానబెట్టే ముద్దగా మారుతుంది.

```
G28
G1 Z200 F600
G1 Z5 F600
```

☐ నాజిల్ లోపలిని శుభ్రం చేయాలి. 200 డిగ్రీల వద్ద పీఎల్ఏను చేత్తో కొంత నెట్టి, 90 డిగ్రీలకు చల్లారనిచ్చి, ఒకే ఊపులో లాగాలి. బయటికి వచ్చిన ముక్క చివర నాజిల్ లోపలి ఆకారం స్పష్టంగా ఉండి, నల్లని రేణువులు లేకుండా వచ్చేదాకా ఇలాగే చేయాలి. రెండు మూడు ప్రయత్నాలకూ శుభ్రపడకపోతే, లేదా మొన రంధ్రం గుండ్రదనం పోయి ఉంటే, కొత్త నాజిల్ వేయడమే మేలు. కార్బన్ ఫైబర్ వంటి గరుకైన ఫిలమెంట్‌ను ఈ ఇత్తడి నాజిల్‌తో ముద్రించకూడదు.

నాజిల్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఒకసారి గోడలు పలచబడుతున్నాయని మూడు వారాల పాటు ఫిలమెంట్‌నే తప్పుబట్టి, రెండు చుట్టలు పక్కన పెట్టేశాను. విప్పి చూస్తే పీటీఎఫ్ఈ గొట్టానికీ నాజిల్‌కూ మధ్య సందులో కరిగిన ప్లాస్టిక్ గోధుమరంగు ఉంగరంలా గట్టిపడి ఉంది. అందువల్ల కొత్త నాజిల్‌ను పూర్తిగా తిప్పి పావు చుట్టు వెనక్కు తీసి, గొట్టాన్ని దానికి ఆనే వరకు లోపలికి నెట్టి, ఆపై వేడిగా ఉన్నప్పుడే బిగించాలి. గొట్టం కొన గోధుమరంగుకు తిరిగితే ఆ భాగాన్ని నిటారుగా కోసి తీసేయాలి. మన గొట్టం 240 డిగ్రీలు దాటిన వేడికి పాడవుతుంది కనుక, పీఈటీజీని 235 దగ్గరే ఆపుతున్నాము. ఇదంతా అయ్యాక బెడ్ ఎత్తును తప్పక మళ్లీ సరిచూడాలి.

☐ విద్యుత్ సంధులను పరిశీలించాలి. ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగిన తరువాతే బోర్డు పెట్టె తెరవాలి. బెడ్, హీటర్ వైర్లు బిగించిన స్క్రూలు వదులయ్యాయేమో చూడాలి. సోల్డర్ పూసిన వైరును స్క్రూ కింద ఉంచితే కాలక్రమంలో అది అణిగి వదులవుతుంది కనుక, ఆ సోల్డర్ భాగాన్ని కోసేసి, కొత్త కొసకు ఫెర్రూల్ అనే లోహపు తొడుగు వేయాలి. రంగు మారిన లేదా కరిగిన కనెక్టర్ కనిపిస్తే, దాన్ని మార్చేదాకా ప్రింటర్‌ను ఆన్ చేయరాదు. బెడ్‌తో పాటు వంగే వైరును ముఖ్యంగా చూడాలి.

☐ ఎక్స్‌ట్రూడర్ స్టెప్స్, అంటే ఒక మి.మీ. ఫిలమెంట్ నెట్టడానికి మోటారు వేసే అడుగుల సంఖ్య, ప్రతి నెలా కొలవనవసరం లేదు. గేర్ మార్చినప్పుడు మాత్రమే చేయాలి. హాట్ ఎండ్ వేడిగా ఉండగా, ఎక్స్‌ట్రూడర్ ముఖద్వారం నుంచి 120 మి.మీ. దూరంలో ఫిలమెంట్ మీద గుర్తు పెట్టి, 100 మి.మీ. నెట్టాలి.

```
M83
G1 E100 F100
```

గుర్తు దాకా 20 మి.మీ. మిగలాలి. గత జూన్‌లో 24 మిగిలింది, అంటే 96 మాత్రమే వెళ్లింది. పాత విలువ 93 కనుక, 93 × 100 ÷ 96 = 96.88 అని లెక్క వేసి భద్రపరిచాము.

```
M92 E96.88
M500
```

☐ `M503` ఇచ్చి వచ్చిన అమరికలన్నింటినీ ఫైలుగా దాచి, ఆ ఫైలు పేరులో తేదీ ఉంచాలి.

☐ తెరిచి ఉంచిన ఫిలమెంట్ చుట్టలను ఆరబెట్టాలి. పీఎల్ఏకు 45 డిగ్రీలు, పీఈటీజీకి 65 డిగ్రీలు, ఐదారు గంటల పాటు. నాజిల్ దగ్గర చిటపట వినిపిస్తే నెల పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు.

పుస్తకంలో ఒక్కొక్క వారానికి మూడు వాక్యాలు చాలు: ఎన్ని గంటలు నడిచింది, ఏమి కనిపించింది, ఏమి మార్చాము. ఏమీ మార్చకపోతే "మార్పు లేదు" అని రాసి, చూసినవారు సంతకం చేయాలి. ఈ నెల మొదటి వారం నేను, రెండవ వారం తమ్ముడు, మూడవ వారం చెల్లి, నాలుగవ వారం మళ్లీ నేను చూస్తాము.