ఏడో ప్యానెల్‌కీ ఎనిమిదో ప్యానెల్‌కీ మధ్య

గేటు దగ్గర కానిస్టేబుల్ చెయ్యి చాపాడు. "ఫోన్ ఇక్కడ పెట్టు రమణా. పరీక్ష సెంటరు. మీటరూ సామానూ పట్టుకెళ్లు."

లోపల పదో తరగతి లెక్కల పరీక్ష. కరెంటు పోయి అరగంటయింది. హెడ్‌మాస్టరు గారు గొంతు తగ్గించి, "ఫ్యాన్లు ఆగితే పిల్లలు ఉడికిపోతారయ్యా" అన్నారు. ఇన్వర్టర్ తెర మీద బ్యాటరీ 31%. PV1 284V 5.8A. PV2 0V 0.0A. పైన రెండు వరసల్లో పదహారు సోలార్ ప్యానెళ్లుంటే ఎనిమిదే పనిచేస్తున్నాయి. అవిచ్చేది ఫ్యాన్లకే చాలడం లేదు, మిగతాది బ్యాటరీ లోంచి పోతోంది.

రమణ రెండో వరస PV2 ఐసోలేటర్ స్విచ్ దించాడు. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేశాడు. స్లాబు కిందే పిల్లలు రాస్తున్నారు మరి. పైన అరికాళ్లు చుర్రుమన్నాయి.

ఒక్కో ప్యానెల్ చూసుకుంటూ పోతే మధ్యాహ్నమవుతుంది. ఆ వరస రెండు కొసలూ విప్పి, నాలుగో ప్యానెల్‌కీ అయిదోదానికీ మధ్య జాయింటు కూడా విప్పాడు. మీటరు ప్రోబు అందక పొడవాటి వైరు ముక్క తగిలించుకున్నాడు. మొదటి నాలుగూ: 166 వోల్టులు. చివరి నాలుగూ: సున్నా. వాటిని మళ్లీ సగం చేశాడు. అయిదూ ఆరూ 83. ఏడూ ఎనిమిదీ సున్నా.

ఏడో ప్యానెల్ కింద బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. కనెక్టర్ వేళ్లకు తగిలింది. గుండ్రంగా ఉండాల్సింది బెల్లం పాకంలా కారి గట్టిపడింది. కాలిన ప్లాస్టిక్ వాసన. బయటికి లాగి చూస్తే ఒక సగం కంపెనీది, రెండో సగం బజార్లో కొన్నది.

అది తన చేతి పనే. పోయిన వేసవిలో కోతులు వైరు తెంపితే, క్రింపింగ్ టూల్ లేక కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాడు. మీటరు వోల్టేజీ చూపించింది, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. లూజుగా ఉన్న చోట రోజూ కాస్త కాస్త వేడెక్కి, ఇదిగో, ఇవాళ్టికి.

రెండు వైపులా మంచి రాగి కనబడేదాకా కత్తిరించాడు. ఒకే కంపెనీ జతను టూల్‌తో క్రింప్ చేసి, టిక్కుమనేదాకా నొక్కి, లాగి చూశాడు. విప్పినవన్నీ బిగించి కిందికొచ్చి ఐసోలేటర్ ఎత్తాడు. తెర కాసేపు ఆలోచించింది. PV2 281V 5.7A. బ్యాటరీ 22 దగ్గర నిలబడింది.

"కోతులేనా?" అన్నారు హెడ్‌మాస్టరు.

అవునంటే సరిపోయేది. రమణ జేబులోంచి కాలిన ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"కోతులు తెంపాయి సార్. కలిపింది నేను. అప్పుడే ఇంకో రెండు కూడా ఇలాగే కలిపాను, మొదటి వరసలో. అవి ఇప్పుడు ముట్టుకుంటే బ్యాటరీ అయిపోయి ఫ్యాన్లు ఆగుతాయి. పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గరే ఉంటాను."